నిప్పు ముప్పయ్యో కార్డులో

మొదలుపెట్టి మధ్యలో వదిలేసిన నవలల్లో చాలావాటికి కలం ఆగిన చోటు ఇంచుమించు ఒకటే. ఎనభయ్యో పేజీయో, వందో పేజీయో. అప్పటికి ఊరి వర్ణన అయిపోయి ఉంటుంది, ముఖ్యులంతా కథలోకి వచ్చేసి ఉంటారు, ఒక తగువు కూడా రాజుకుని ఉంటుంది. ముగింపు ఏమిటో రచయితకు మొదటిరోజే తెలుసు. ఆ తగువుకూ ఈ ముగింపుకూ మధ్య ఉన్న రెండు వందల పేజీల్లో ఏం జరుగుతుందో మాత్రం తెలియదు.

పది పేజీల కథానికను తలలో పెట్టుకుని తిరగవచ్చు. మూడు వందల పేజీల నవల తలలో పట్టదు. అందుకే కొందరు రచయితలు మొదటి వాక్యం రాయకముందే కథ మొత్తానికి ఒక నక్షా గీసుకుంటారు. కథను అంకాలుగా విడదీస్తారు, మలుపులు ఎక్కడెక్కడో గుర్తు పెట్టుకుంటారు, ఉపకథలు ఎక్కడ కలవాలో చూసుకుంటారు, చివరికి ఒక్కో సన్నివేశాన్నీ ఒక్కో కార్డు మీద రాసి నేల మీద పరుస్తారు. తెలుగు సినిమావాళ్లు కథా చర్చల పేరుతో నెలల తరబడి చేసే పని ఇదే. తెలుగు నవల గురించి మాట్లాడుకునేటప్పుడు మాత్రం ఈ ప్రస్తావన అరుదుగా వస్తుంది.

ఈ అలవాటు కొత్తది కాదు, సినిమాతో పుట్టిందీ కాదు. చార్లెస్ డికెన్స్ తన పెద్ద నవలలను నెలనెలా 32 పేజీల భాగాలుగా అచ్చు వేయించాడు. ఒక భాగం పాఠకుడి చేతికి వెళ్లిపోయాక వెనక్కి వెళ్లి దిద్దే వీలుండదు. ‘డోంబీ అండ్ సన్’ (1846–48) మొదలుకుని ప్రతి నెల భాగానికీ ఆయన ఒక కాగితం సిద్ధం చేసుకునేవాడు. దాని కుడివైపు ఆ నెల రాయాల్సిన అధ్యాయాలు ఉండేవి. ఎడమవైపు తనను తాను వేసుకున్న ప్రశ్నలు: ఫలానా పాత్రను ఈ నెల తీసుకురావాలా, ఫలానా రహస్యం ఇప్పుడే బయటపెట్టాలా అని. వాటి పక్కనే జవాబులు కూడా రాసుకునేవాడు. అవును, వద్దు, ఇప్పుడే కాదు అన్న తరహాలో. ఆ కాగితాలు నేటికీ భద్రంగా ఉన్నాయి. వారపత్రికల్లో సీరియల్ రాసిన తెలుగు రచయితలకు ఈ ఇబ్బంది బాగా తెలుసు. మూడో వారంలో చంపేసిన మనిషి ఇరవయ్యో వారంలో అవసరపడితే చేసేదేమీ లేదు.

నక్షా గీయడమంటే అసలు ఏం చేస్తారో తెలియాలంటే ఒక కథను పట్టుకుని చివరిదాకా వెళ్లాలి. ఇక్కడ చెప్పబోయేది కేవలం ఉదాహరణకు అల్లిన కథ. గుంటూరు చుట్టుపక్కల ఒక కోల్డ్ స్టోరేజీ. రైతులు మిర్చి టిక్కీలు తెచ్చి అందులో పెడతారు. ఎన్ని టిక్కీలు పెట్టారో రాసిన బాండు తీసుకుంటారు. ధర వచ్చేదాకా ఆగలేనివాళ్లు ఆ బాండు మీద బ్యాంకులో అప్పు తెచ్చుకుంటారు. ఆ కోల్డ్ స్టోరేజీలో రమాదేవి గుమస్తా. భర్త పోయినప్పుడు యజమాని వీరభద్రయ్య పిలిచి ఉద్యోగం ఇచ్చాడు, కొడుకు ఫీజులు కూడా ఆయనే కడుతున్నాడు. ఆమె బాబాయి సాంబయ్య కౌలురైతు. ఆయన పెట్టినవి 30 టిక్కీలు. ఆయన పేరు మీదున్న బాండు మాత్రం 110 టిక్కీలకు ఉంది, దాని మీద ఆయన ఎన్నడూ తీసుకోని అప్పు ఉంది.

నక్షాలో మొట్టమొదట రాయాల్సింది ఒకటి రెండు వాక్యాలే. రమాదేవికి ఏం కావాలి, ఎవరు అడ్డం, అది దక్కకపోతే ఏం పోతుంది? దొంగ బాండ్ల సంగతి బయటపెడితే తనకు అన్నం పెట్టిన మనిషి జైలుకు వెళ్తాడు. నోరు మూసుకుంటే తన ఊరి రైతులు తీసుకోని అప్పుకు బాధ్యులవుతారు. ఈ మాటలు రాయడానికి ఒక సాయంత్రం పట్టవచ్చు, నెల పట్టవచ్చు. ‘రైతుల కష్టాల మీద నవల’ అని రాసుకుంటే అది విషయం మాత్రమే. దానిలోంచి సన్నివేశాలు పుట్టవు. ఒక మనిషి రెండు దారుల మధ్య ఇరుక్కుంటేనే పుడతాయి.

ఆ తర్వాత అంకాలు. కథకు మొదలు, నడుమ, తుది ఉండాలని అరిస్టాటిల్ చెప్పిన మాటనే 1979లో సిడ్ ఫీల్డ్ అనే అమెరికన్ తన ‘స్క్రీన్‌ప్లే’ పుస్తకంలో లెక్క కట్టి చూపించాడు. రెండు గంటల సినిమాకు 120 పేజీల స్క్రిప్టు అనుకుంటే మొదటి అంకానికి 30, రెండో దానికి 60, మూడో దానికి 30. కార్డులైతే 14, 28, 14 అన్నాడు. ఈ లెక్క సినిమా కోసం కట్టింది కాబట్టి నవలకు అచ్చంగా సరిపోదు. కానీ అందులోని నిష్పత్తి బాగానే పనికొస్తుంది. మన మిర్చి నవలకు 60 సన్నివేశాలు అనుకుందాం. సన్నివేశానికి సుమారు వెయ్యి మాటలు రాస్తే మొత్తం 60 వేలు దాటుతుంది, అచ్చులో మూడు వందల పేజీల దరిదాపుల్లోకి వస్తుంది. దాన్ని 15, 30, 15గా విడదీస్తే మధ్య అంకం మిగతా రెండింటినీ కలిపినంత ఉంటుంది. నవలలు ఆగిపోయేది అక్కడే కాబట్టి నక్షా మీద పెట్టే శ్రమలో ఎక్కువ భాగం అక్కడికే పోవాలి.

అంకానికీ అంకానికీ మధ్య గోడలా నిలబడేది మలుపు. మలుపంటే పాఠకుడిని ఉలిక్కిపడేలా చేసే సంఘటన అని చాలామంది అనుకుంటారు. ఉలికిపాటు ఉంటే మంచిదే, కానీ అసలు పరీక్ష వేరే ఉంది. ఆ సంఘటన జరిగాక కథానాయిక నిన్నటి జీవితానికి తిరిగి వెళ్లగలదా? వెళ్లగలిగితే అది మలుపు కాదు. సాంబయ్య పేరు మీద దొంగ అప్పు కనిపించడం కథను కదిలిస్తుంది. అది నాలుగో కార్డులోనే వచ్చేస్తుంది. కానీ దాన్ని చూసి రమాదేవి ఊరుకోవచ్చు. ‘నాకెందుకు, యజమానీ బ్యాంకూ చూసుకుంటారు’ అనవచ్చు. పదిహేనో కార్డులో ఆమె పాత బాండ్ల కట్ట విప్పుతుంది. దొంగ బాండ్లన్నిటి కిందా ఉన్నది తన సంతకమే. ఇక ఊరుకునే దారి లేదు. బయటపడితే మొదట చిక్కుకునేది ఆమే. మొదటి అంకం అక్కడ ముగుస్తుంది.

రెండో మలుపు నవల నడిమధ్యలో. తెలుగువాళ్లకు దీన్ని విడమరిచి చెప్పక్కర్లేదు, ఇంటర్వెల్ బ్యాంగ్ అంటే చాలు. మంచి ఇంటర్వెల్‌కు ఒక లక్షణం ఉంది. అంతవరకూ ప్రేక్షకుడు అడుగుతున్న ప్రశ్న అక్కడ మారిపోతుంది. మన నవలలో ముప్పయ్యో కార్డు దగ్గర కోల్డ్ స్టోరేజీ తగలబడుతుంది. అంతవరకూ ప్రశ్న ‘లోపల నిజంగా ఎన్ని టిక్కీలున్నాయి?’ అన్నది. మంటల తర్వాత లెక్క పెట్టడానికి టిక్కీలే లేవు. బీమా కంపెనీ రిజిస్టరు చూసి డబ్బు కడుతుంది. రిజిస్టరులో దొంగ టిక్కీలు కూడా ఉన్నాయి కాబట్టి వాటికీ డబ్బు వస్తుంది, అప్పులన్నీ తీరిపోతాయి, మోసం మసిలో కలిసిపోతుంది. అంతవరకూ రిజిస్టరు కోసం రమాదేవి వెతుకుతుంటే, ఇప్పుడు అదే రిజిస్టరు కోసం అందరూ ఆమె వెంట పడతారు.

ఈ మంటను కథ మొదట్లోనే పెట్టేయాలని ఏ రచయితకైనా చెయ్యి దురద పెడుతుంది. మొదటి పేజీలో మంటలు లేస్తే పాఠకుడు పుస్తకం వదలడు కదా అనిపిస్తుంది. అపరాధ పరిశోధన నవలైతే అది సరైన చోటే. కానీ ఈ కథలో మంట అర్థం కావాలంటే బాండు అంటే ఏమిటో, ఎవరి పంట ఎంత ఉందో, వీరభద్రయ్య ఎంత మంచివాడో పాఠకుడికి ముందే తెలిసి ఉండాలి. తెలియకపోతే కాలేది ఒక షెడ్డు మాత్రమే. ఇలాంటి బేరీజులన్నీ నక్షా దశలోనే చేసుకోవాలి. కార్డు నంబరు మార్చడానికి ఒక్క నిమిషం చాలు. రాసేసిన పది అధ్యాయాలను జరపడానికి రచయితకు మనసూ రాదు, ఓపికా ఉండదు.

మూడో మలుపు నలభై అయిదో కార్డు. మంటకు ముందురోజు కోల్డ్ స్టోరేజీ గేటు దగ్గర గొడవపడిన సాంబయ్యను నిప్పు పెట్టాడన్న అనుమానంతో పోలీసులు తీసుకెళ్తారు. ఆయన్ని విడిపించాలంటే రిజిస్టరు బయటపెట్టాలి. పెడితే దొంగ బాండ్ల కింద ఉన్న సంతకాలు రమాదేవివి. ఇక మిగిలినవి పదిహేను కార్డులు. వాటిలో కొత్త పాత్ర రాకూడదు, కొత్త సమాచారం వీలైనంత తక్కువగా రావాలి. అప్పటిదాకా కూడబెట్టిన దాన్ని ఖర్చు పెట్టే అంకం అది.

ఉపకథల దగ్గరికి వస్తే, ఈ విషయంలో మన అలంకారికులు సిడ్ ఫీల్డ్ కంటే స్పష్టంగా మాట్లాడారు. భరతుడి నాట్యశాస్త్రంలోనూ, పదో శతాబ్దపు ధనంజయుడి దశరూపకంలోనూ ప్రధాన కథకు తోడుగా నడిచే వాటిని రెండుగా విభజించారు. దూరం నడిచేది పతాక, కొద్దిసేపు వచ్చి పోయేది ప్రకరి. రామకథలో పతాకకు సుగ్రీవుడి కథను, ప్రకరికి శబరి వృత్తాంతం వంటివాటిని ఉదాహరణగా చెబుతారు. ఇందులో పనికొచ్చే కీలకం ఒకటుంది. పతాకలోని మనిషికి తన సొంత ప్రయోజనం ఉంటుంది. సుగ్రీవుడికి తన రాజ్యం కావాలి, తన భార్య కావాలి. ఆ పని సాధించుకుంటూనే రాముడి పనికి అక్కరకొస్తాడు. ప్రకరిలోని మనిషి తనకంటూ ఏమీ ఆశించకుండా ఒక సాయం చేసి తప్పుకుంటాడు.

మిర్చి నవలలో సాంబయ్య కూతురు పావని పెళ్లి పతాక. పెళ్లికి డబ్బు కావాలనే సాంబయ్య టిక్కీలు అమ్మబోతాడు, అమ్మబోతేనే దొంగ అప్పు బయటపడుతుంది. పావనికి తన సొంత బాధ ఉంది. ఈ సంబంధం తప్పిపోతే చదువు మానేసినందుకు అర్థమే లేకుండా పోతుందని ఆమె భయం. ఇక ముఠా మేస్త్రీ ఏసోబు కథ ప్రకరి. టిక్కీలు దించే హమాలీలకు కూలి టిక్కీ లెక్కన వస్తుంది. కాబట్టి లోపలికి వెళ్లిన ప్రతి టిక్కీ ఏసోబు చేతి పుస్తకంలో పడుతుంది. యజమాని రిజిస్టరును తారుమారు చేయగలడు. హమాలీల కూలి లెక్కను తారుమారు చేయడం ఎవరికీ అవసరం పడలేదు, గుర్తూ రాలేదు. చివరి అంకంలో బీమా సర్వేయర్ ముందు రమాదేవి పెట్టే సాక్ష్యం ఆ పుస్తకమే.

ఒక ఉపకథ నవలలో ఉండాలా వద్దా అన్నది తేల్చడానికి దాన్ని పూర్తిగా తీసేసి చూడాలి. పావని పెళ్లిని తీసేస్తే సాంబయ్య టిక్కీలు అమ్మడానికి తొందరపడడు, గేటు దగ్గర గొడవ జరగదు, అరెస్టు ఉండదు. కాబట్టి ఉండాలి. రచయితకు మొదట్లో మూడో ఉపకథ ఒకటి కూడా తోచిందనుకుందాం. రమాదేవికీ బ్యాంకు ఫీల్డ్ ఆఫీసరుకూ మధ్య ఏదో మమత చిగురించడం. దాన్ని తీసేసి చూస్తే కథలో ఒక్క కార్డు కూడా కదలదు. అంటే అది కథకు అంటుకోలేదు. దాన్ని పక్కన పెట్టాలి, లేదా ఆ ఆఫీసరే దొంగ అప్పులు మంజూరు చేసినవాడని మార్చాలి. రెండోది చేస్తే ఒక్కసారిగా ఆ మమతకు బరువు వస్తుంది.

ఉపకథలు ఎక్కడ కనిపిస్తున్నాయి, ఎక్కడ మాయమవుతున్నాయి అన్నది చూడటానికి జె.కె. రౌలింగ్ ఒక పద్ధతి పాటించారు. హ్యారీ పాటర్ అయిదో పుస్తకానికి (2003) ఆమె చేత్తో గీసుకున్న పట్టిక ఇప్పుడు చాలామంది చూసినదే. ఒక్కో అధ్యాయానికి ఒక అడ్డవరుస. నిలువు గళ్లలో మొదట నెల, అధ్యాయం పేరు, ప్రధాన కథ. ఆ తర్వాత ఒక్కో ఉపకథకూ ఒక్కో గడి: జోస్యం, హ్యారీ ప్రేమ వ్యవహారం, పిల్లల రహస్య దళం, పెద్దల రహస్య సంఘం, స్నేప్, హాగ్రిడ్. కొన్ని గళ్లలో ఉన్నవి ఆ అధ్యాయంలో పాఠకుడికి కనిపించని పనులు. తెర వెనుక ఎవరేం చేస్తున్నారో రచయితకు తెలియాలి కాబట్టి అవీ రాసుకున్నారు. ‘క్యాచ్-22’ రాసిన జోసెఫ్ హెల్లర్ కూడా అంతే, పాత్రలూ సంఘటనలూ కాలక్రమంలో కలిసే పెద్ద పట్టిక గీసుకున్నాడు. ఆ నవల చదివేటప్పుడు కాలం ముందుకూ వెనక్కూ గెంతుతుంటుంది. ఆ గెంతులు తడబడకపోవడానికి వెనుక ఆ పట్టిక ఉంది.

తెర వెనుక గడి మన నవలకు మరీ ముఖ్యం. వీరభద్రయ్య అరవై సన్నివేశాల్లో కనిపించేది ఇరవైలోనే అనుకుందాం. మిగతా నలభై జరుగుతున్నప్పుడు ఆయన ఎక్కడున్నాడు? మంట ఆయన పెట్టించాడా, లేక ప్రమాదవశాత్తూ జరిగిన మంట ఆయనకు కలిసొచ్చిందా? పాఠకుడికి చివరిదాకా చెప్పకపోవచ్చు, రచయితకు మాత్రం మొదటి కార్డు రాసేనాటికే తెలియాలి. తెలియకపోతే మొదటి సగంలో ఆయన మాటలన్నీ చప్పగా ఉంటాయి.

ఇక కార్డులు. అరచేతి వెడల్పు అట్టముక్క చాలు. పెళ్లి శుభలేఖల వెనకవైపైనా పరవాలేదు. కార్డు చిన్నదిగా ఉండటంలో ఒక ప్రయోజనం ఉంది, దాని మీద సంభాషణలూ వర్ణనలూ పట్టవు. పట్టకూడదు కూడా. ఒక కార్డు మీద అయిదు సంగతులు రాస్తే చాలు: ఎప్పుడు, ఎక్కడ, ఎవరి కళ్లతో చూస్తున్నాం, ఆ మనిషి దేనికోసం వచ్చింది, వెళ్లేటప్పటికి ఏం మారింది. మన నవలలో ఆరో కార్డు ఇలా ఉంటుంది:

‘ఏప్రిల్ మొదటి శనివారం, సాయంత్రం. కోల్డ్ స్టోరేజీ వరండా. రమాదేవి చూపు. హమాలీల కూలి పంచి తొందరగా ఇంటికి వెళ్లాలి. తన లెక్కకూ ఏసోబు పుస్తకానికీ పొంతన లేదని ఏసోబు పట్టుబడతాడు. ఆమె తన లెక్కే సరైనదని కసురుతుంది. అతను పుస్తకం మూసి ఊరుకుంటాడు. — ఏసోబు తనను ఇక నమ్మడు.’

చివరి వాక్యమే ఆ కార్డుకు ప్రాణం. సన్నివేశం మొదట్లో ఉన్న పరిస్థితికీ చివర్లో ఉన్న పరిస్థితికీ తేడా లేకపోతే అది సన్నివేశం కాదు, సమాచారం. ‘రమాదేవి ఇంటికి వెళ్లి ఆలోచిస్తుంది’ అన్న కార్డు వస్తే అక్కడ ఏం మారిందో రాయలేక రచయిత చెయ్యి ఆగుతుంది. అలా ఆగిన కార్డును చింపేయవచ్చు, లేదా అందులో ఉన్న ఒక్క ముక్కను పక్క కార్డులో కలిపేయవచ్చు.

అరవై కార్డులూ రాశాక నేల మీద పరచాలి. ప్రధాన కథకు ఒక రంగు, పావని పెళ్లికి ఒక రంగు, ఏసోబుకు ఒక రంగు అని అంచుకు గీత గీస్తే చూపుకు అందుతుంది. అసలు పని ఇక్కడ మొదలవుతుంది. మన ఉదాహరణలో ఆ వరుసను కిందికి వంగి చూస్తే కనిపించే లోపాలు ఇలా ఉంటాయి.

పదహారో కార్డు నుంచి నలభై దాకా పెళ్లి రంగు ఎక్కడా లేదు. పావని అనే మనిషిని పాఠకుడు మరిచిపోయాక సాంబయ్యను అరెస్టు చేస్తే పెళ్లి ఆగుతుందన్న ఆందోళన ఎవరికి పుడుతుంది? మధ్యలో కనీసం మూడు కార్డులు కావాలి. కొత్తగా కల్పించనక్కర్లేదు. రమాదేవి ఎవరో రైతును వివరాలు అడిగే సన్నివేశాన్ని పావని లగ్నపత్రిక రాయించే రోజుకు జరిపితే రెండు పనులూ ఒకేసారి జరుగుతాయి.

రెండోది మరీ సాధారణమైన జబ్బు. ఇరవై రెండు నుంచి ఇరవై ఏడు దాకా వరుసగా ఆరు కార్డులు ఒకే మాదిరి ఉన్నాయి. రమాదేవి వెళ్తుంది, ఒకరిని అడుగుతుంది, కొంత తెలుసుకుంటుంది, తిరిగొస్తుంది. విడివిడిగా చదివితే ఏ కార్డులోనూ తప్పు కనిపించదు. పక్కపక్కన పెడితేనే తెలుస్తుంది. నవల మధ్యలో చప్పబడిందని పాఠకుడు అనేది ఇలాంటి చోట్ల గురించే. కార్డుకూ కార్డుకూ మధ్య ఏ మాట పడుతుందో పలికి చూస్తే చాలు. ‘ఆ తర్వాత’ అన్నది ఒక్కటే పడుతుంటే కథ నడవడం లేదు. ‘అందుకని’ గానీ, ‘కానీ’ గానీ పడాలి. రమాదేవి బ్యాంకుకు వెళ్లి అడిగింది, అందుకని ఆ సంగతి వీరభద్రయ్యకు తెలిసింది, అందుకని ఆయన కోపం చూపకుండా ఆమె జీతం పెంచాడు. అక్కడ ఆమెకు నిజంగా భయం వేసింది. ఆరు కార్డులు మూడయ్యాయి, పైగా వీరభద్రయ్య ఎలాంటివాడో ఒక్క జీతం పెంపుతో తెలిసిపోయింది.

మూడో లోపం సంతకం. దొంగ బాండ్ల కింద రమాదేవి సంతకం ఎలా వచ్చింది? పదిహేనో కార్డులో మలుపు బ్రహ్మాండంగా ఉంది, కానీ దానికి ముందు ఎక్కడా విత్తనం లేదు. రెండో కార్డులోకి ఒక చిన్న పని చేర్చాలి. సీజను తొక్కిసలాటలో లారీలు గేటు బయట నిలబడి ఉంటే, ఖాళీ బాండు ఫారాల మీద ముందే సంతకాలు పెట్టి ఉంచమని వీరభద్రయ్య అంటాడు, ఆమె పెడుతుంది. చదివేవాడు అప్పుడు దాన్ని పట్టించుకోడు. పట్టించుకోకూడదు కూడా. ఏసోబు పుస్తకం ఆరో కార్డులోనే కూలి తగాదా రూపంలో కనిపించడానికి కారణం కూడా ఇదే. అది తొలిసారి యాభయ్యో కార్డులో ప్రత్యక్షమైతే రచయిత జేబులోంచి తీసి ఇచ్చినట్టు ఉంటుంది.

నాలుగోది కార్డు మీద తేదీ రాయడం వల్ల మాత్రమే దొరికే లోపం. మిర్చి దిగుబడి ఎండాకాలం ముందే మొదలవుతుంది, కోల్డ్ స్టోరేజీలు ఏప్రిల్, మే నాటికి నిండుతాయి. మంట మే నెలలో. ఆ లెక్కన రచయిత పావని పెళ్లిని జూలైలో పెట్టాడు. జూలై అంటే చాలా సంవత్సరాల్లో ఆషాఢం. ఏ తెలుగు తండ్రీ ఆ నెలలో ముహూర్తం పెట్టించడు. పెళ్లిని శ్రావణానికి జరిపితే మంటకూ పెళ్లికీ మధ్య మూడు నెలల ఎడం వచ్చి బిగువంతా పోతుంది. వెనక్కి, జూన్ మొదట్లో జ్యేష్ఠానికి తెస్తే మంటకూ పెళ్లికీ మధ్య మూడు వారాలే మిగులుతాయి. సాంబయ్య అరెస్టు పెళ్లికి నాలుగు రోజుల ముందు పడుతుంది. తప్పు దిద్దబోతే కథ బాగుపడింది. పైగా జ్యేష్ఠంలో పెద్దకూతురి పెళ్లికి కొన్ని ఇళ్లలో అభ్యంతరం ఉంటుంది కాబట్టి పావని సాంబయ్యకు రెండో కూతురవ్వాలి. ఆ ఒక్క మార్పుతో పెద్దల్లుడు అనే పాత్ర తయారై కూర్చున్నాడు. మొదటి పెళ్లి అప్పు తీరనేలేదన్న మాటా అతని నోటే వస్తుంది.

ఈ నాలుగు లోపాలూ రాతప్రతి పూర్తయ్యాక దొరికితే ఏమయ్యేదో ఊహించవచ్చు. సంతకం విత్తనాన్ని ఒక పేరాతో నాటేయవచ్చు. పెళ్లి తేదీ మార్చాలంటే మాత్రం సగం నవల తిరగరాయాలి.

అయితే ఈ పద్ధతి అందరికీ పడదు. స్టీఫెన్ కింగ్ తన ‘ఆన్ రైటింగ్’ (2000) పుస్తకంలో ముందుగా కథ అల్లుకోవడం మీద తనకు నమ్మకం లేదని నిర్మొహమాటంగా చెప్పాడు. ఒక పరిస్థితిలో మనుషుల్ని పెట్టి వాళ్లేం చేస్తారో చూస్తూ రాస్తాడాయన. ‘మిజరీ’ నవలకు మొదట అనుకున్న ముగింపు ఒకటి, రాస్తుండగా వచ్చింది మరొకటి. కార్డుల పేరెత్తగానే అందరూ తలచుకునే నబొకోవ్ సంగతి కూడా కొంచెం తేడాగానే ఉంది. ఆయన కార్డుల మీద రాసింది నక్షా కాదు, నవల వచనమే. ఏ వరుసలో తోస్తే ఆ వరుసలో రాసి తర్వాత అమర్చుకునేవాడు. 1977లో ఆయన పోయేనాటికి చివరి నవల ‘ది ఒరిజినల్ ఆఫ్ లారా’ 138 కార్డుల దగ్గర ఆగిపోయింది. దాన్ని 2009లో అలాగే అచ్చు వేశారు. ఆ పుస్తకం తిరగేస్తే కార్డులుంటే నవల పూర్తవుతుందన్న భ్రమ పోతుంది.

ఒక మనిషి లోపలి ప్రపంచమే కథ అయిన నవలకూ, జ్ఞాపకాల వరుసలో నడిచే నవలకూ అంకాల లెక్క బిగుతు చొక్కాలా ఉంటుంది. విశ్వనాథ సత్యనారాయణ ‘వేయిపడగలు’ 29 రోజుల్లో ఆశువుగా చెప్పి రాయించారని ప్రతీతి. అంత ధారణ ఉన్నవాళ్లకు అట్టముక్కలతో పనిలేదు. మోసం, నేరం, కుటుంబ తగాదా, చరిత్ర, సీరియల్ — వీటిలో ఏదైనా రాసేవాళ్లకు మాత్రం కార్డులు ఎగ్గొట్టడం దండగమారి పొదుపు.

దీనికి ఎదురు జబ్బు కూడా ఉంది. కార్డుల మీద కార్డులు రాస్తూ, రంగులు మారుస్తూ, పాత్రల జాతకాలు రాస్తూ ఏడాది గడిపేసి మొదటి అధ్యాయం మొదలుపెట్టనివాళ్లు ఉన్నారు. నక్షా ఎప్పుడు చాలించాలో తెలుసుకోవడానికి ఒక గుర్తుంది. వారం రోజులుగా కార్డుల వరుస మారకుండా మాటలు మాత్రమే మారుతున్నాయంటే నక్షా అయిపోయినట్టే. ఇక చేస్తున్నది రాయకుండా తప్పించుకోవడం.

రాయడం మొదలయ్యాక కార్డులు మారతాయి. ఇరవయ్యో సన్నివేశం రాస్తుండగా ఏసోబు అనుకున్న మాట అనకుండా మరో మాట అంటాడు, అది అంతకంటే బాగుంటుంది. అప్పుడు కార్డుకు కట్టుబడి ఏసోబు నోరు నొక్కకూడదు. ఆ రోజు రాత ఆపేసి, మిగిలిన నలభై కార్డులూ మళ్లీ పరచి, ఆ కొత్త మాట వల్ల ఏవేవి చెల్లవో చూసి వాటిని మాత్రం తిరిగి రాయాలి. మూడు మలుపులూ నిలబడితే నవల నిలబడినట్టే. మలుపే కూలితే ఆగి ఆలోచించాలి, ఎందుకంటే అప్పుడు చేతిలో ఉన్నది వేరే నవల.

మొదటి అధ్యాయం రాయడానికి ముందు చేయాల్సిన చివరి పని ఒకటుంది. నవలలు చదివే అలవాటున్న ఒక స్నేహితుణ్ణి కూర్చోబెట్టి, కార్డులు ఒక్కొక్కటే తిప్పుతూ అరగంటలో కథంతా నోటితో చెప్పాలి. మధ్యలో బాగుందా అని అడగకూడదు. ‘మరి ఆమె పోలీసులకు ఎందుకు చెప్పలేదు?’ అని అవతలి మనిషి అడిగిన చోట కార్డు మూల మడిచి పెట్టుకోవాలి. ఫోను చూసుకున్న చోట కూడా మడవాలి. మడిచిన కార్డులు సరిచేశాక ఇక ఎవరికీ చెప్పకుండా ఒకటో కార్డు తీసి రాయడానికి కూర్చోవచ్చు.